మా రోజుల్లో: పుస్తకం ఎవరి దగ్గరుంది?

మా రోజుల్లో ఎడిటింగ్ రూములో ఒక ఫిలిం ముక్క కనిపించకపోతే, అది దొరికిందాకా అన్నానికి లేచే పద్ధతి లేదు. ముక్కంటే నిజంగా ముక్కే. నాలుగు ఫ్రేములు, అంటే తెరమీద సెకనులో ఆరో వంతు. దానికోసం టేబులు కింద దూరి, బిన్నులో గుడ్డ దులిపి, చెప్పులకు అంటుకుందేమోనని అరికాళ్లు కూడా చూసుకునేవాళ్లం. ఇప్పుడు మా గుడుపల్లె పిల్లకాయలు ఒక రాత్రి కథంతా పోగొట్టుకుని, "పోతే పోనీలే తాతా, ఇంకో కెమెరాలో ఉండాది" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఇంకో కెమెరాలో ఉండేది ఇంకో షాటు. పోయింది పోయినట్టే.

మద్రాసులో మేం పనిచేసిన పద్ధతి ముందు చెప్పాలి. మాకు క్రమశిక్షణ పుట్టుకతో ఏమీ రాలేదు. ఫిలిం ఖరీదు, దాని పని తీరు మమ్మల్ని అలా నడిపించాయి. క్లాపు కొట్టకుండా షాటు లేదు. క్లాపు బోర్డు మీద సీను, షాటు, టేకు నంబర్లు ఉండేవి. అసిస్టెంటు డైరెక్టరు అదే నంబరును తన రిపోర్టులో రాసి, పక్కన ఓకేనో ఎన్‌జీనో పెట్టేవాడు. నాగ్రా మీద శబ్దం పట్టే ఆయన కూడా అదే నంబరు పలికేవాడు. షూటింగు ముగిశాక నెగెటివ్ ప్రసాద్‌కో, జెమినీకో, ఏ ల్యాబు అయితే ఆ ల్యాబుకి వెళ్లేది. ఇక అది మా చేతికి రాదు. మాకొచ్చేది రష్ ప్రింటు మాత్రమే. మేం కోసినా, గీసినా, బల్ల మీద తొక్కినా ఆ ప్రింటునే. అసలు నెగెటివ్ ల్యాబులో చల్లగా పడుకుని ఉండేది.

ఫిలిం అంచున అడుగు అడుక్కీ ఒక నంబరు ముద్రించి వచ్చేది. ముప్ఫై అయిదు ఎంఎంలో అడుక్కి 16 ఫ్రేములు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. ఏ ముక్క ఏ నెగెటివ్‌లో ఎక్కడిదో ఆ అంచు నంబరు చెప్పేది. అసిస్టెంటు ఎడిటర్ దగ్గర ఒక లావుపాటి రిజిస్టరు ఉండేది. సీను, షాటు, టేకు, అంచు నంబరు మొదలు, చివర, ఏ డబ్బాలో ఉంది, ఎవరు తీశారు, ఎప్పుడు తిరిగి పెట్టారు, అన్నీ అందులోనే. దాన్ని ఒక్కడే రాసేవాడు. ఎడిటర్ ఎంత పెద్దవాడైనా ముక్క కావాలంటే వాణ్నే అడగాలి. చివర్లో నెగెటివ్ కట్టర్ ఆ నంబర్లు చూసుకుని నెగెటివ్ కోసేవాడు. నంబరు తప్పు పడిందంటే కోసింది మళ్లీ అతకదు, అతికినా ఫ్రేము పోతుంది. ఆ భయం అందరికీ ఉండేది.

అసలును ఎవరూ ముట్టుకోకూడదు, పుస్తకం ఒక్కరే రాయాలి. మొత్తం పని ఈ రెండింటి మీద నడిచింది. ఇప్పుడు పిల్లలకి ఈ రెండూ లేవు. వాళ్ల చేతిలో ఉన్న సరంజామా మాత్రం మా స్టూడియోల్లో కలలో కూడా చూడనిది.

మా వైపు భారతం పద్ధెనిమిది రోజులు జరుగుతుంది. కుప్పం, పుంగనూరు, పలమనేరు ఎక్కడికెళ్లినా ధర్మరాజుల గుడి ముందు ఇదే వరస. పగలు హరికథ, రాత్రి నాటకం, మధ్యలో బకాసుర వధ, ద్రౌపది కల్యాణం, అర్జునుడి తపస్సు, చివర దుర్యోధన వధ, అగ్నిగుండం. దాన్నంతా వీడియో తీసి దాచాలని మా పిల్లలు నడుం కట్టడం నాకు నిజంగా సంతోషమే. ఆ వేషాలు కట్టే ముసలివాళ్లు ఇంకెన్నాళ్లుంటారు? రెండు కెమెరాలు, మైకు సెట్టువాడి మిక్సరుకి తగిలించిన ఒక రికార్డరు, అగ్నిగుండం రోజుకి ఒక డ్రోను. కెమెరాలు ఇక్కడ, టైటిళ్లు చేసేవాడు కుప్పంలో, ఎడిట్ చేసేవాడు బెంగళూరులో. రైలెక్కితే పూట లోపల చేరిపోతాడు.

తపస్సు రోజు ఏం జరిగిందో చూడండి. పెద్ద కెమెరా దూరాన మేడ మీద పెట్టి మాను మొదలు నుంచి కొన దాకా పట్టారు. చిన్నది కింద జనంలో. అర్జునుడు పద్యాలు పాడుకుంటూ మాను ఎక్కుతాడు, కొనకు చేరాక నిమ్మకాయలు, పళ్లు విసురుతాడు. బిడ్డలు లేని ఆడవాళ్లు కింద కొంగులు పట్టుకుని ఉంటారు. పైనుంచి కాయ విడిచిన క్షణం, కింద కొంగులో పడిన క్షణం, రెండూ ఒకే చట్రంలో ఉన్నది ఆ మేడ మీది కెమెరాలోనే. ఇంటికొచ్చి ఒక అబ్బోడు రెండు కార్డులూ ఒకే ఫోల్డరులోకి కాపీ చేశాడు. రెండు కెమెరాలూ ఒకే కంపెనీవి, రెండూ కొత్త కార్డులో `C0001.MP4` నుంచే లెక్క మొదలుపెడతాయి. ఇదే పేరుతో ఫైలు ఉంది, దాని స్థానంలో దీన్ని పెట్టమంటావా అని కంప్యూటరు అడిగింది. నిద్రమత్తులో "రీప్లేస్" నొక్కాడు. కార్డులు ఫార్మాట్ చేసి మరుసటి రాత్రికి కెమెరాల్లో వేసేశారు.

బెంగళూరు అబ్బాయి అయిదు రోజుల తర్వాత ఫోను చేసి, "అంతా క్లోజప్పులే ఉన్నాయి, వైడు పంపలేదా?" అనేదాకా ఎవరికీ తెలియదు. ఫైళ్ల సంఖ్య లెక్కపెట్టి ఉంటే ఆ రాత్రే తెలిసేది. పెద్ద కార్డులో పద్ధెనిమిది, చిన్న కార్డులో ఇరవై మూడు. ఫోల్డరులో నలభై ఒకటి ఉండాలి. ఉన్నవి ఇరవై మూడే. ఫార్మాట్ చేసినంత మాత్రాన కార్డులోది వెంటనే చెరిగిపోదు, పేర్ల పట్టిక మాత్రమే తుడిచిపోతుంది. అప్పుడే కార్డు పక్కన పెట్టి, పోయినవి వెలికితీసే సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నిస్తే చాలా మటుకు దొరికేది. కానీ దాని మీద మళ్లీ అయిదు గంటల నాటకం రాసేశారు. ఇక ఏం దొరుకుతుంది?

మరుసటేడు భారతానికి నేను వాళ్లని కూర్చోబెట్టి, కెమెరా ముట్టకముందే కాగితం మీద పేర్లు రాయించాను. పెద్ద కెమెరా ఏ, చిన్నది బీ. ప్రతి కార్డుకీ ఒక నంబరు, పద్ధెనిమిది రోజులూ ఆగకుండా నడిచే నంబరు: A001, A002, అలా. కార్డు మీద తెల్ల టేపు అంటించి పెన్నుతో రాయాలి. నిండిన కార్డు డబ్బాలో తిరగేసి పెట్టాలి, ఖాళీది మామూలుగా. వాళ్ల కెమెరా మెనూలో ఫైలు పేరు ముందు మనకి కావలసిన అక్షరాలు పెట్టుకునే వీలుంది. కొత్త కార్డు వేసినప్పుడల్లా అక్కడ మార్చాలి. అప్పుడు కార్డులోంచే `A019_C0007.MP4` అని వస్తుంది. ఆ పేరుతో మన దగ్గర ఇంకో ఫైలు ఉండదు. మా అంచు నంబరు చేసిన పని అదే. ఆ వీలు లేని కెమెరా అయితే ఎడిటింగు మొదలుపెట్టే ముందే, కాపీ చేసిన వెంటనే పేరు మార్చుకోవాలి. ఎడిటింగు మొదలయ్యాక పేరు ముట్టుకుంటే, ప్రాజెక్టు తెరిచినప్పుడు మీడియా లేదని ఎర్ర తెర వస్తుంది. అంతకంటే ప్రమాదం ఇంకొకటుంది. రెండు ఫోల్డర్లలో రెండు `C0007` ఉంటే, వెతికి కలపమన్నప్పుడు సాఫ్ట్‌వేర్ తప్పుదాన్ని పట్టుకుని ఏమీ ఎరగనట్టు అతికిస్తుంది. కీచకుడి సీనులో ఉత్తర కుమారుడు కనిపిస్తాడు.

తేదీల గొడవ మా ఊరికి ప్రత్యేకం. పట్నం వాళ్లు రాసిన పాఠాలన్నీ ఫోల్డరుకి తేదీ పెట్టమంటాయి. మా నాటకం రాత్రి పదింటికి మొదలై తెల్లారి ముగుస్తుంది. పన్నెండు దాటగానే కెమెరా తేదీ మారిపోతుంది. తేదీతో సర్దితే కృష్ణుడు బయలుదేరింది ఒక ఫోల్డరులో, కౌరవ సభకి చేరింది ఇంకో ఫోల్డరులో. అందుకే తేదీ వద్దు, భారతం రోజు పెట్టండి అన్నాను. ఒకటో రోజు `D01`, పదో రోజు `D10`. అది తెల్లారి అయిదింటికి తీసినా `D10`. ఒకటి ముందు సున్నా ఎందుకు తాతా, D1 అంటే చాలదా అన్నారు. విండోస్ తెలివిగా సర్దుతుంది గానీ, అన్నీ అలా చేయవు. చాలా చోట్ల `D1` తర్వాత `D10` వచ్చి, `D2` పోయి `D18` తర్వాత పడుతుంది. ఒక సున్నా పెట్టడానికి ఏం పోయింది? పేర్లలో ఖాళీలు వద్దు, తెలుగు అక్షరాలు వద్దు, ప్రశ్నార్థకాలు వద్దు. తెలుగు మీద నాకు చిన్నచూపేమీ లేదు. టైటిళ్లు చేసేవాడి పాత మెషీనులో అవి డబ్బాలుగా మారుతాయి, అంతే.

ఫోల్డర్లు ఇలా కుదిరాయి:

```
GDP_BHARATAM/
  01_FOOTAGE/
    D10/
      A019/
      A020/
      B019/
      B020/
  02_SOUND/
    D10/
  03_PROJECT/
  04_TITLES/
  05_MUSIC/
  06_OUT/
```

ఖాళీ ఫోల్డర్లన్నీ మొదటిరోజే చేసి పెట్టుకున్నారు. గుడుపల్లెలో ఉన్న డిస్కులోనూ, కుప్పంలోనూ, బెంగళూరులోనూ ఇదే చెట్టు, అక్షరం తేడా లేకుండా. అప్పుడు అక్కడ డ్రైవు F అయినా ఇక్కడ E అయినా, ఒక్క ఫైలు చూపిస్తే తక్కినవి అవే దొరుకుతాయి. కార్డులోని లోపలి ఫోల్డర్లు కూడా ఉన్నవి ఉన్నట్టే దించాలి, వీడియోలు మాత్రం ఏరుకుని కాదు. పక్కనుండే చిన్న చిన్న ఫైళ్లలో టైముకోడ్ వంటివి ఉంటాయి. ఎవరైనా డెస్క్‌టాప్ మీదినుంచి పాట లాగి టైమ్‌లైనులో వేస్తే నాకు కోపం వస్తుంది. ఆ పాట వాడి మెషీనులో మాత్రమే మోగుతుంది. ముందు `05_MUSIC`లో పడాలి, తర్వాతే టైమ్‌లైను.

ఇక కాపీల లెక్క. వాళ్ల కెమెరా సెకనుకి యాభై మెగాబిట్లు రాస్తుంది. అంటే గంటకి ఇరవై రెండున్నర జీబీ. రాత్రికి అయిదు గంటలు, రెండు కెమెరాలు: 225 జీబీ. పద్ధెనిమిది రాత్రులకి నాలుగు టీబీ పైమాట. అయిదు టీబీ డిస్కులు మూడు కొనమన్నాను. మూడెందుకని సణిగారు. అమెరికాలో పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫరు ఎప్పుడో పుస్తకంలో పెట్టిన లెక్క అది: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. రెండో రకం సాధనం మా వాళ్ల చేత కాలేదు, డిస్కులతోనే సరిపెట్టారు. వేరే చోటు మాత్రం వదలనివ్వలేదు. ఒకే ఇంట్లో ఒకే బీరువాలో మూడు డిస్కులు పెడితే దొంగకీ, పిడుగుకీ అవి ఒక్కటే.

కాపీ అయిందంటే అయిపోయినట్టు కాదు. లాగి వదిలే కాపీలో, పోయింది అచ్చం అలాగే వచ్చిందా అని ఎవరూ సరిచూడరు. డావిన్చీ రిజాల్వ్‌లో క్లోన్ టూల్ ఉంది, అది రాసినదాన్ని మళ్లీ చదివి సరిపోల్చుతుంది. అది లేకపోతే కనీసం ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు చూడాలి. ఒక ఫైలు మీద అనుమానం వస్తే, అసలుకీ నకలుకీ విడివిడిగా ఈ కమాండు ఇవ్వాలి:

```
certutil -hashfile A019_C0007.MP4 MD5
```

పొడుగాటి అంకెలూ అక్షరాలూ వస్తాయి. రెంటికీ ఒకటే వస్తే ఫైలు ఒకటే. ఒక్క అక్షరం తేడా ఉన్నా కాపీ చెడిందని అర్థం. రెండు డిస్కుల్లో పడి, రెండూ సరిపోయాయని పుస్తకంలో టిక్కు పడేదాకా కార్డు ఫార్మాట్ చేయకూడదు. కెమెరా పట్టుకున్నవాడు అసలే చేయకూడదు. టిక్కు పెట్టినవాళ్లే చేయాలి.

బెంగళూరుకి నెట్‌లో పంపేస్తాం అన్నారు. పంపండి చూద్దాం అన్నాను. పైకి వెళ్లే వేగం నలభై మెగాబిట్లు, అదీ కరెంటు ఉన్నంతసేపు. 225 జీబీకి పన్నెండున్నర గంటలు. అవి వెళ్లేసరికి ఇంకో రాత్రి నాటకం మొదలయ్యే వేళవుతుంది. అందుకని చిన్న నకళ్లు చేశారు. వాళ్లు ప్రాక్సీలంటారు. అయిదు మెగాబిట్లలో, అదే పేరు, అదే ఫ్రేము రేటు. గంటంబావులో వెళ్లిపోతాయి. ఎడిటర్ వాటి మీద కోసుకుంటాడు. అసలు డిస్కు రైల్లో మనిషి చేతిలో వెళ్తుంది, చివరి అవుట్‌పుట్ అప్పుడు దానికి అతికించుకుంటాడు. మా రష్ ప్రింటు, మా నెగెటివ్ లాగానే లేదూ? పేరు మారింది, పద్ధతి అదే. ఆ సంగతి చెప్తే వాళ్లు నమ్మలేదు.

గూగుల్ డ్రైవులో ఉంది కదా, అదే బ్యాకప్ అనే మాట ఒకటుంది. ఉమ్మడి ఫోల్డరు బ్యాకప్ కాదు. ఒకడు ఇక్కడ చెరిపితే అది అందరి దగ్గరా చెరుగుతుంది, దానికోసమే దాన్ని కట్టారు. చెత్తబుట్టలో ముప్ఫై రోజులు ఉంటుంది, ఆ లోపు ఎవరైనా గమనిస్తే బతికినట్టు. 1998లో పిక్సార్‌లో టాయ్ స్టోరీ 2 తీస్తున్నప్పుడు ఎవరో ఒక కమాండు ఇస్తే సర్వరులోంచి బొమ్మలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. బ్యాకప్ ఉంది కదా అని వెళ్తే, అది కొంతకాలంగా సరిగా రాయడమే లేదని అప్పుడు తెలిసింది. తెరిచి చూసినవాళ్లు లేరు. గాలిన్ సస్‌మన్ అనే ఆవిడ చంటిబిడ్డతో ఇంటినుంచి పనిచేస్తూ, తన ఇంటి మెషీనులో ఒక కాపీ పెట్టుకుని ఉండబట్టి ఆ సినిమా దక్కింది. అంతటి కంపెనీకే వేరే ఇంట్లో ఉన్న కాపీ ఆదుకుంది. బ్యాకప్ అంటే తెరిచి చూసి, నాలుగు ఫైళ్లు ఆడించి చూసినదే బ్యాకప్.

ప్రాజెక్టు ఫైళ్ల సంగతికి వస్తే నా బీపీ పెరుగుతుంది. `final`, `final2`, `final_last`, `final_last_OK`. వీటిలో ఏది కొత్తదో పేరు పెట్టినవాడికే తెలియదు. మారిన తేదీ చూద్దామంటే, ఊరికే తెరిచి సేవ్ చేసినా తేదీ మారుతుంది. బెంగళూరు అబ్బాయి, కుప్పం అబ్బాయి ఒకే ప్రాజెక్టు ఫైలు ఒకేసారి తెరిచి, చివర సేవ్ చేసినవాడిదే మిగిలి, పద్మవ్యూహం రాత్రికి వేసిన టైటిళ్లన్నీ ఒక పూటలో మాయమయ్యాయి. ప్రాజెక్టు ఫైలు ఎంతుంటుంది? కొన్ని మెగాబైట్లు. అందులో వీడియో ఉండదు, ఏ ముక్క ఎక్కడ కోశామనే లెక్క ఉంటుంది, అంతే. అంటే అది మా రిజిస్టరే. నాలుగు టీబీలు మోసేవాళ్లకి అయిదు మెగాబైట్ల దగ్గర పిసినారితనం ఎందుకు? ప్రతి పూటా కొత్త నంబరుతో దాచమన్నాను:

```
GDP_D14_EDIT_v011_BLR.prproj
GDP_D14_EDIT_v012_KPM.prproj
```

రోజు, పని, నంబరు, ఎవరి చేతిలోంచి వచ్చింది. పాతదాని మీద ఎప్పుడూ సేవ్ చేయకూడదు, పాతది చెరపకూడదు. "ఫైనల్" అనే మాట నిషేధం. ఒకరు పని మొదలుపెట్టేటప్పుడు ఫోను గ్రూపులో "D14 నా దగ్గర" అని పెట్టాలి, పూర్తయ్యాక "v012 పెట్టాను, మీరు తీసుకోవచ్చు" అనాలి. మధ్యలో ఇంకొకరు ముట్టకూడదు. తప్పకుండా ఇద్దరూ ఒకేసారి చేయాల్సి వస్తే, ఎడిటరుది ఒక ప్రాజెక్టు, టైటిళ్లది వేరే ప్రాజెక్టు. టైటిలు అవుట్‌పుట్ మాత్రం `04_TITLES`లో పడితే ఎడిటర్ తెచ్చుకుంటాడు. డబ్బున్న స్టూడియోలకి తాళం వేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. నలుగురికి నోటి మాటే తాళం, దాన్ని పాటిస్తే.

ఒక సంగతి త్వరగా చెప్పి వదిలేస్తాను. చూడ్డానికని పంపే కాపీ మీద అందుకునేవాళ్ల పేరు తెర మీద పడేట్టు వేసి పంపండి. 2013 సెప్టెంబరులో అత్తారింటికి దారేది విడుదలకి కొద్దిరోజుల ముందు సగం సినిమా బయటికి పోయి పరిశ్రమంతా గగ్గోలు పెట్టింది. మన భారతాన్ని ఎవరు దొంగిలిస్తారు తాతా అంటారు. సరిచూడని కథ, తప్పు పేర్లతో ఊరంతా ఫోన్లలో తిరిగితే, వేషం కట్టిన పెద్దాయన పేరు అలాగే నిలిచిపోతుంది. ఆయనకి ఎవరు సమాధానం చెప్తారు?

వీటన్నిటికీ మించి, పుస్తకం ఎవరి దగ్గర ఉండాలి అన్నదాని మీద వాళ్లతో నాకు పెద్ద వాదమే అయింది. "అందరం చూసుకుంటాం" అన్నారు. అందరూ చూసుకునే పని ఎవరూ చూడరు. కుప్పంలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఉంది, కెమెరా పట్టదు, ఎడిటింగు రాదు. ఆమెకి అప్పగించమన్నాను. ఇంత కష్టపడి తీసినవాళ్లం, ఆమెని అడిగి కార్డు తీసుకోవాలా అని కొందరు ముఖం మాడ్చారు. అవును, అడగాలి. ఆమె నోటుబుక్కులో రాసిన ఒక పుట ఇలా ఉంది: D10, A019, ఏ కెమెరా, 9 ఫైళ్లు, తపస్సు మొదలు, డిస్కు ఒకటి టిక్కు, డిస్కు రెండు టిక్కు, కార్డు ఖాళీ చేసినది ఉదయం ఏడున్నర, సంతకం. కింద ఇంకో వరస: A020, 11 ఫైళ్లు, C0004లో ఫోకస్ పోయింది, C0006లో కొంగులో కాయ పడ్డది. చూడండి ఆ చివరి మాట. రేపు ఎవరికైనా ఆ షాటు కావాలంటే నాలుగు టీబీలు వెతకనక్కరలేదు. మా రిజిస్టరులో కూడా అలా రాసేవాళ్లం, ఓకే, ఎన్‌జీ పక్కన రెండు ముక్కలు. ఆమెకి ఎవరూ నేర్పలేదు, తనంతట తనే రాసుకుంది.

ఇంకా నా ఫిర్యాదు ఒకటి మిగిలే ఉంది. భారతం ముగిసి, వీడియోలు బయటికి వచ్చి, అందరూ తమ పనుల్లో పడ్డారు. మూడు డిస్కులూ మూడు చోట్ల ఉన్నాయి. కరెంటు ఇవ్వకుండా అలమారాలో ఉంచిన డిస్కు ఏళ్లు గడిస్తే తిరగకుండా మొరాయించవచ్చు, తిరిగినా అక్కడక్కడా చదవలేకపోవచ్చు. ఆర్నెల్లకోసారి తగిలించి, ప్రతి రోజు ఫోల్డరులోంచి ఒక ఫైలు ఆడించి, ఫైళ్ల సంఖ్యను పుస్తకంలోని అంకెలతో సరిచూసి, పుస్తకంలో తేదీ వేయాలి. ఒకటి పాడైనట్టు తోస్తే వెంటనే తక్కిన రెంటిలో ఒకదాని నుంచి కొత్తదాని మీదికి ఎక్కించాలి. ఇక్కడి డిస్కు ఆ అమ్మాయి చూసింది, పుస్తకంలో వేసింది. కుప్పం డిస్కు నేనే వెళ్లి తగిలించి చూయించాను. బెంగళూరు డిస్కు ఎదుట మాత్రం ఆ గడి ఇంకా ఖాళీ. అబ్బాయిని అడిగితే, "ఉంది సార్, భద్రంగా ఉంది" అంటాడు. తగిలించి చూశావా నాయనా అంటే జవాబు రాదు. ఈ ఆదివారం రైలెక్కి వెళ్లి, వాడి ఎదుటే తగిలించమని కూర్చుంటాను. పుస్తకం కూడా వెంట తీసుకెళ్తాను, ఆ అమ్మాయిని అడిగి, నా పేరు రాయించి.